‘స్వచ్ఛమైన’ అనే మాట లేకుండా ఆవకాయ వీడియోకి స్క్రిప్టు రాయడం ఎలా

మా వదిన పచ్చళ్ల వ్యాపారం మొదలుపెట్టిన ఏడాది తీసిన మొదటి వీడియోకి స్క్రిప్టు రాసింది నేనే. నిమిషం వీడియోలో ‘స్వచ్ఛమైన’ మూడుసార్లు, ‘నూరు శాతం సహజమైన’ రెండుసార్లు, చివర్లో ‘మీ ఆరోగ్యానికి మేలు చేసే ఆవకాయ’ అని ఒకసారి వచ్చాయి. వీడియో పెట్టిన మూడో రోజు హైదరాబాద్ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. “మా వారికి బీపీ, షుగరూ ఉన్నాయమ్మా. ఏడాదిగా పచ్చడి మాన్పించాం. మీది ఆరోగ్యానికి మంచిదన్నారు కదా, రోజూ పెట్టొచ్చా?” అని అడిగింది. వదిన ఫోన్ పట్టుకుని నా మొహం చూసింది. కిలోకి పైగా ఉప్పు కుమ్మరించిన జాడీ మా పక్కనే ఉంది.

ఆ వీడియో తీసేశాం. తీసేశాక మళ్లీ చదివితే ఇంకో సంగతి కూడా తెలిసింది. ఆ స్క్రిప్టులో మా ఇంటి పేరు మార్చి ఏ పచ్చళ్ల కొట్టు పేరు పెట్టినా సరిపోతుంది. వదినకి అత్తగారైన మా పెద్దమ్మ చేతిలో ఉన్నదేదీ అందులో లేదు. రెండోసారి ఎలా రాశామో వరసగా చెబుతాను. మీ ఇంట్లో అది మాగాయ కావచ్చు, పండుమిర్చి కావచ్చు, సకినాలు కావచ్చు. పని మాత్రం ఇదే.

ముందు పెన్ను కాదు, కాటా తీయండి

స్క్రిప్టు సోఫాలో కూర్చుని రాయొద్దు. పచ్చడి పెట్టే రోజున, పెట్టే మనిషి పక్కన కూర్చోండి. “పెద్దమ్మా, మన ఆవకాయ ప్రత్యేకత ఏంటి?” అని ఖాళీగా ఉన్నప్పుడు అడిగితే “ఏముందే, అందరూ పెట్టినట్టే” అంటారు. చేతులు పనిలో ఉన్నప్పుడు అడగాలి, అదీ చిన్న ప్రశ్నలు. ఈ కాయ ఎందుకు పక్కన పడేశావు? ఇది ఎంత పోశావు? ఇప్పుడెందుకు ఆగావు? ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి పక్కన ఉంచండి. కొలతలన్నీ కాటా మీద తూచి రాసుకోండి.

మాది నూజివీడు వైపు పల్లెటూరు. పెద్దమ్మ కొలత ఇత్తడి సోల. నాలుగు సోలల ముక్కలకి ఒక సోల ఆవపిండి, ఒక సోల కారం. ఉప్పు మాత్రం అరసోల కంటే కాస్త ఎక్కువ. ఉప్పు కూడా సోల నిండా ఎందుకు పోయవంటే “ఉప్పు బరువే అమ్మాయ్, సోల నిండా పోస్తే నోట్లో పెట్టలేవు” అంది. తూచి చూస్తే నిజమే. ఒకే సోలలో దంచిన ఉప్పు ఆవపిండికి రెట్టింపుకు పైగా తూగింది. ఆ రోజు 5 కిలోల ముక్కలకి ఆవపిండి 1 కిలో 100 గ్రాములు, కారం 1 కిలో, ఉప్పు 1 కిలో 300, నువ్వుల నూనె రెండున్నర లీటర్లు, మెంతులు 100 గ్రాములు పడ్డాయి.

కొలతల కంటే నాకు ఎక్కువ పనికొచ్చింది కాయ ఏరే పద్ధతి. పెద్దమ్మ కత్తిపీట మీద కాయ పెట్టి కొట్టగానే టెంక చూస్తుంది. టెంక ముదరకుండా మెత్తగా తెగితే ఆ కాయ పప్పులోకి పోతుంది, జాడీలోకి రాదు. లేత టెంక ముక్క నెల తిరిగేసరికి మెత్తబడిపోతుంది. ఆ రోజు బుట్టెడు కాయల్లో పదకొండు పక్కన పడ్డాయి. ‘నాణ్యమైన మామిడికాయలు’ అని నేను రాసిన చోట ఆ పదకొండు కాయలు చూపిస్తే చాలు.

రాసుకునేటప్పుడు ఇంకో కాగితం మీద మారిపోయినవి కూడా రాయండి. చాలామంది దీన్ని దాచేస్తారు. పెద్దమ్మ అత్తగారి రోజుల్లో కారం రోట్లో దంచేవారు, ఇప్పుడు మిల్లులో ఆడిస్తున్నాం. నూనె ఊళ్లో గానుగ నుంచి వచ్చేది, ఆ గానుగ మూతపడి చాలాకాలమైంది. జాడీలు ఇంట్లోకే, అమ్మకానికి వెళ్లేది గాజు సీసాల్లో. ఇవన్నీ మామూలు మార్పులే. కానీ స్క్రిప్టులో “అచ్చం అమ్మమ్మల కాలంలో లాగే” అని రాస్తే ఈ కాగితంలోని ప్రతి లైనూ మీకు ఎదురు సాక్ష్యమే.

తరాల లెక్క కూడా ఇక్కడే తేల్చుకోవాలి. వదిన ‘నాలుగు తరాల రుచి’ అని పెట్టమంది. పెద్దమ్మని అడిగితే తను అత్తగారి దగ్గర నేర్చుకున్నానంది. అత్తగారు ఎవరి దగ్గర నేర్చుకున్నారో తెలియదంది. అంటే అత్తగారు, పెద్దమ్మ, వదిన. మూడే. పెళ్లి ఫొటో వెనక 1974 అని రాసి ఉంది. ఆ మరుసటి వేసవిలో మొదటిసారి జాడీ పెట్టిందట. కాబట్టి ‘వందేళ్ల వంటకం’ పోయింది, ‘1975 వేసవి నుంచి’ వచ్చింది. నిజానికి రెండోదే చెవికి బాగుంది.

ప్రతి వాక్యానికీ ఒక ప్రశ్న

ఇప్పుడు మనసుకి తోచినట్టు స్క్రిప్టు మొత్తం రాసేయండి. తర్వాత ఒక్కో వాక్యం పక్కన “ఎవరైనా చూపించమంటే ఏం చూపిస్తాను?” అని వేసుకోండి. జవాబు మూడు రకాలుగా వస్తుంది. కొన్నిటిని కెమెరాయే చూపిస్తుంది, లేత టెంక కాయ పక్కన పెట్టడం లాంటివి. కొన్నిటికి కాగితం ఉంటుంది. మిర్చి కొన్న బిల్లు, నూనె డబ్బా మీద లేబులు, పెళ్లి ఫొటో వెనక తేదీ అలాంటివి. ఇంకొన్ని ఒక మనిషి జ్ఞాపకాలు. వాటిని ఆ మనిషి నోటితోనే చెప్పించాలి. “మా అత్తగారు ఉప్పు విషయంలో కొట్టినంత పని చేసేది” అని పెద్దమ్మ చెబితే అది ఆమె మాట, ఎవరూ రుజువు అడగరు. అదే వాక్యం వదిన వాయిస్‌లో ‘మా పూర్వీకుల కఠిన ప్రమాణాలు’ అయ్యేసరికి ప్రకటనలా మారిపోతుంది.

ఈ మూడింట్లో దేనికీ అందని వాక్యాన్ని కొట్టేయండి. నా మొదటి స్క్రిప్టుని ఇలా జల్లిస్తే మిగిలినవి రెండు వాక్యాలు: మా ఊరి పేరు, ఫోన్ నంబరు.

ఆగి చూసుకోవాల్సిన మాటలు

కొన్ని మాటలు అలవాటుగా పెన్ను చివరికి వచ్చేస్తాయి. వాటి గురించి చట్టం ఏమంటుందో కొంచెం తెలిసి ఉండాలి. ఆహార పదార్థాల ప్రకటనల గురించి, దేశంలో ఆహార భద్రతని చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. టీవీ ప్రకటనకి వర్తించేదే మీ ఫోన్ వీడియోకీ వర్తిస్తుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకి 2006 నాటి ఆహార భద్రతా చట్టంలో 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది.

‘స్వచ్ఛమైన’ అంటే ఇంగ్లీషులో ప్యూర్. ఆ నిబంధనల ప్రకారం ఒకే పదార్థం ఉండి, ఇంకేమీ కలపని ఆహారానికే ఆ మాట వాడాలి. ఆవకాయలో మామిడి, ఆవాలు, మిర్చి, ఉప్పు, నూనె, మెంతులు ఉన్నాయి. ఎంత శుభ్రంగా పెట్టినా అది ‘ప్యూర్’ కాదు, కాలేదు. కాబట్టి ఆ మాట తీసేసి, వేసినవన్నీ పేరుపేరునా చెప్పండి. ‘100 శాతం’ అనే మాట కూడా వద్దని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 మే నెలలో వ్యాపారులకి సూచన ఇచ్చింది.

‘ప్రిజర్వేటివ్స్ లేవు’ అన్నది అందరూ అనే మాట. ఆలోచిస్తే విచిత్రమైన మాట. పచ్చడిని నిలవ ఉంచేదే ఉప్పూ నూనే. 2011 నాటి ఆహార నిబంధనల్లో ఉప్పు, నూనె, వెనిగర్, మసాలా దినుసులు మొదటి తరగతి ప్రిజర్వేటివ్‌లుగా రాసి ఉన్నాయి. పైగా బయట కొన్న అల్లంవెల్లుల్లి పేస్టు వాడితే అందులో ఏం కలిపారో మీ చేతిలో లేదు. మేము ఈ వాక్యమే ఎత్తేసి “నిలవ ఉండటానికి ఉప్పు, నూనె, ఎండ. అంతే” అని పెట్టాం. అది నిజం కూడా, వినడానికీ బాగుంది. మీరు వెనిగర్ వేస్తే వెనిగర్ అని చెప్పండి, సిగ్గుపడాల్సింది లేదు.

‘హోమ్ మేడ్’ దగ్గర నిజాయితీగా ఆలోచించండి. కొనేవాళ్లకి తప్పు అభిప్రాయం కలిగించేలా ఆ మాట వాడకూడదన్నది నిబంధన. మీ వంటింట్లో మీరే పెడితే ఇబ్బంది లేదు. వ్యాపారం పెరిగి షెడ్డు అద్దెకి తీసుకుని ఆరుగురిని పెట్టుకున్నారనుకోండి, అప్పుడు ‘మా ఇంట్లో చేసిన’ అనడం తప్పు. ‘మా ఇంటి కొలతతో, మా షెడ్డులో, ఆరుగురం కలిసి’ అనొచ్చు. ఆ ఆరుగుర్నీ ఫ్రేములోకి తెస్తే ఇంకా మంచిది.

‘సంప్రదాయ’ అన్న మాటకీ షరతు ఉంది. ఆ వంటకం లేదా పద్ధతి పెద్దగా మార్పు లేకుండా కనీసం 30 ఏళ్లుగా ఉండాలి. మాకు 1975 ఉంది కాబట్టి పర్వాలేదు. నిరుడు మీరే కనిపెట్టిన చాక్లెట్ సున్నుండకి మాత్రం ఆ మాట అంటించొద్దు. ఊరి పేర్లతోనూ జాగ్రత్త. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేరే ఊళ్లో చుట్టిన రేకుకి ఆ పేరు పెట్టకూడదు.

ఇక ఆరోగ్యం. ఇమ్యూనిటీ, జీర్ణశక్తి, కొలెస్ట్రాల్, షుగర్, గ్యాస్ లాంటివేవీ స్క్రిప్టులోకి రానివ్వకండి. “మెంతులు షుగర్‌కి మంచివంటారు కదా” అని వదిన అడిగింది. మెంతుల మీద ఎవరేం చెప్పినా, 5 కిలోల ముక్కల్లో పడిన 100 గ్రాముల మెంతులు పచ్చడిని మందు చెయ్యవు. నిజమైన మాట కూడా ఒక్కోసారి తప్పుదోవ పట్టిస్తుంది. ‘మా చెక్కల్లో కొలెస్ట్రాల్ లేదు’ అనేది చూడండి. శాకాహార నూనెల్లో మామూలుగా కొలెస్ట్రాల్ ఉండదు, పక్క కొట్టు నూనెలోనూ ఉండదు. అది చెప్పి నూనెలో వేగిన చెక్కల్ని గుండెకి మంచివిగా అనిపించడం మోసమే. పైగా మీ చెక్కల పిండిలో వెన్న ఉంటే ఆ వాక్యం అబద్ధం కూడా. ‘గ్లూటెన్ లేదు’ అన్నదీ ఇంతే. ఇంగువ డబ్బా తిప్పి చదివితే చాలావాటిలో గోధుమ పిండో మైదానో ఉంటుంది.

మేము చివరికి రాసుకున్న స్క్రిప్టు

నిమిషం వీడియోకి దాదాపు వంద తెలుగు మాటలు సరిపోతాయి. అంతకు మించితే పరిగెత్తినట్టు చదవాల్సి వస్తుంది. కనిపించేది ఎడమ వైపు, వినిపించేది కుడి వైపు రాసుకుంటే తీసేటప్పుడు తికమక ఉండదు. ఇక్కడ చదవడానికి వీలుగా ఒకదాని కింద ఒకటి ఇస్తున్నాను.

దృశ్యం: కత్తిపీట మీద కాయ తెగుతుంది. పెద్దమ్మ టెంక చూసి కాయ పక్కన పెడుతుంది.
పెద్దమ్మ: “ఇది లేతది. పప్పులోకి.”

దృశ్యం: పక్కన పెట్టిన కాయల కుప్ప.
వదిన: “ఇవాళ పదకొండు కాయలు ఇలా పక్కకి పోయాయి. లేత టెంక ముక్క జాడీలో మెత్తబడుతుందని మా అత్తయ్య తీసేస్తారు.”

దృశ్యం: ముక్కల లోపలి పొర తీసి, పొడిగుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టడం. ఇత్తడి సోల.
వదిన: “ఈ సోల అత్తయ్య వాళ్ల అత్తగారిది. 1975 వేసవి నుంచి అత్తయ్య దీనితోనే కొలుస్తున్నారు. ఇప్పుడు నేను కాటా మీద కూడా తూస్తున్నాను, ప్రతి విడతా ఒకేలా రావాలని.”

దృశ్యం: పళ్లెంలో ఆవపిండి, కారం, ఉప్పు, మెంతులు. పైన నూనె పోయడం.
వదిన: “మామిడి ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, మెంతులు, నువ్వుల నూనె. నిలవ ఉండటానికి ఉప్పు, నూనె, ఎండ. అంతే. కారం ఒకప్పుడు దంచేవాళ్లం, ఇప్పుడు మిల్లులో ఆడిస్తున్నాం.”

దృశ్యం: మూడో రోజు. వాసెన గుడ్డ విప్పి తిరగకలపడం. ఊట తేలి ఉంటుంది.
పెద్దమ్మ, వేలితో రుచి చూసి: “ఉప్పు సరిపోయింది. మా అత్తగారైతే ఇంకో చిటికెడు వేయించేది.”

దృశ్యం: సీసా మీద లేబులు దగ్గరగా. పెట్టిన తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు.
వదిన: “ఇది మే నెల విడత, నలభై సీసాలు. తడి గరిటె పెట్టకండి, బూజు పడుతుంది.”

చివరి వాక్యం గురించి ఒక మాట. అందరూ ‘ఏడాది పాటు పాడవదు’ అంటారు. కొన్నవాళ్ల ఇంట్లో తడి గరిటె పడుతుందో లేదో మీకు తెలియదు కదా. అందుకని గడువు తేదీ లేబుల్ మీద రాసి, బూజు ఎందుకు పడుతుందో వీడియోలో చెప్పాం. ఆ గడువు కూడా ఊహించి రాయలేదు. ప్రతి విడత నుంచి రెండు సీసాలు తేదీ వేసి అటక మీద ఉంచి, నెలకోసారి తీసి చూస్తున్నాం. నిరుటి సీసా ఎన్నాళ్లు బాగుందో చూసి, అంతకంటే రెండు నెలలు తగ్గించి రాశాం.

మిల్లు కారం సంగతి చెప్పడానికి వదిన ముందు ఒప్పుకోలేదు. “ఎందుకు మనమే తక్కువ చేసుకోవడం?” అంది. కానీ ఆ వాక్యం వల్ల మిగిలినవన్నీ నమ్మబుద్ధి అవుతాయని నా అభిప్రాయం. కొలతలు మొత్తం చెప్పేస్తే ఎవరైనా కాపీ కొడతారన్న భయం మాత్రం న్యాయమైనదే. అందుకే సోల చూపించాం, లెక్క చెప్పలేదు. దినుసుల పేర్లు ఎలాగూ లేబుల్ మీద ఉండాల్సిందే, ఎక్కువ బరువున్నది ముందు, తక్కువది చివర.

రిజిస్ట్రేషన్ సంగతి కూడా ఇక్కడే. ఇంట్లోంచి అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి. ఆ 14 అంకెల నంబరు లేబుల్ మీద చూపించండి. అంతకు మించి “ప్రభుత్వం ధ్రువీకరించిన నాణ్యత” అనకండి. మీరు వ్యాపారం చేస్తున్నట్టు నమోదైందనే ఆ నంబరు చెబుతుంది. మీ పచ్చడిని ఎవరో రుచి చూసి ముద్ర వేశారని కాదు.

చెక్కలకైతే

పిండివంటలకి జాడీ అంత కథ ఉండదు, కాబట్టి అర నిమిషం చాలు. ఇక్కడ పని చేసేది శబ్దం. నానబెట్టిన పెసరపప్పు, కరివేపాకు కలిపిన పిండి ముద్దని తడిగుడ్డ మీద వేళ్లతో తట్టే చప్పుడు, నూనెలో పడ్డప్పుడు వచ్చే చప్పుడు, చల్లారాక చెక్క విరిచిన చప్పుడు. ‘కరకరలాడే’ అని రాయనక్కరలేదు, మైకు దగ్గరగా పెట్టండి.

అందరూ అనుమానపడేది నూనె గురించి. ‘ఎప్పుడూ తాజా నూనెలోనే వేయిస్తాం’ అన్నది రుజువు చేయలేని మాట, ‘ఎప్పుడూ’ అన్నది ఎవరు చూస్తారు? దాని బదులు బాణలి ఖాళీగా ఉన్నప్పటి నుంచి షాట్ మొదలుపెట్టండి. ప్యాకెట్ కత్తిరించి పోయడం చూపించి, “పొద్దున పోసిన నూనె ఇది. ఇవాళ ఆరు కిలోల చెక్కలు వేగాక మిగిలిన నూనె మళ్లీ అమ్మకం సరుక్కి వాడను” అని చెప్పండి. అయితే ఒకటి, మీరు నిజంగా అలా చేస్తేనే. మర్నాటికీ అదే నూనె వాడే అలవాటుంటే ఈ షాట్ తీయకండి, పిండి తట్టడం దగ్గర మొదలుపెట్టండి. చెప్పనిది అబద్ధం కాదు కానీ, వీడియో కోసం ఒక్కరోజు కొత్త నూనె పోయడం అబద్ధమే.

పెట్టే ముందు, పెట్టాక

స్క్రిప్టు పూర్తయ్యాక పెద్దమ్మకి చదివి వినిపించాను. ఇది తప్పనిసరి. నేను ‘పొడిగుడ్డతో తుడిచిన’ అని రాసిన దగ్గర ఆపి, “తుడిచాక ఓ గంట నీడన ఆరబెడతాం, అది రాయలేదేం?” అంది. తర్వాత వాళ్ల ఫొటో, గొంతు బయట పెట్టడానికి ఒప్పుకుంటున్నారా అని కూడా సూటిగా అడగండి. పెద్దమ్మ చేతులు చూపించమంది, మొహం వద్దంది. అలాగే తీశాం. గతించిన వాళ్ల మాటలుగా మీరు కల్పించి ఏదీ చెప్పించకండి. పైన అత్తగారి చిటికెడు ఉప్పు మాట పెద్దమ్మ తనంతట తానే అన్నది, నేను రాసింది కాదు.

వీడియో, లేబులు, వాట్సాప్‌లో పంపే మెసేజ్, మూడూ ఒకే మాట చెప్పాలి. వీడియోలో నువ్వుల నూనె అని లేబుల్ మీద వేరుశనగ నూనె ఉంటే అక్కడే దొరికిపోతారు. మాకు అలాగే అయ్యేది. జూన్ విడతకి నువ్వుల నూనె అందక సగం వేరుశనగ నూనె కలపాల్సి వచ్చింది. లేబుల్ మార్చాం, వీడియో మర్చిపోయాం. ఆర్డరిచ్చినవాళ్లు అడగకముందే గుర్తొచ్చి, వీడియో కింద “జూన్ విడతలో సగం వేరుశనగ నూనె” అని రాసి, వాళ్లందరికీ మెసేజ్ పంపాం. ఇద్దరు వద్దన్నారు, డబ్బు తిరిగిచ్చాం. వీడియోలో విడత పేరు చెప్పించడం వెనక ఉన్న కారణం ఇదే. ‘ఇది మే నెల విడత’ అంటే ఆ వీడియో ఆ నలభై సీసాలకే జవాబుదారీ.

ఫోన్‌లో ఇచ్చే జవాబులు కూడా స్క్రిప్టులో భాగమే అనుకుని ముందే రాసుకోండి. కెమెరా ముందు జాగ్రత్తగా ఉండి, ఫోన్‌లో “అబ్బే, ఏం కాదండీ, తినండి” అనేస్తే చేసిందంతా వృథా. ఎక్కువగా వచ్చే నాలుగైదు ప్రశ్నలకి జవాబులు రాసి వంటింటి తలుపు లోపలి వైపు అంటించాం. పోయిన నెలలో విశాఖపట్నం నుంచి ఒకాయన అదే బీపీ, షుగర్ ప్రశ్న అడిగారు. వదిన తలుపు వంక చూసి చదివింది: “అది మీ డాక్టర్ గారిని అడగండి బాబాయ్ గారూ, నేను చెప్పకూడదు. ఇందులో 5 కిలోల ముక్కలకి 1 కిలో 300 గ్రాముల ఉప్పు పడింది, బెల్లం వెయ్యలేదు. ఈ లెక్క వాట్సాప్‌లో పంపుతాను, ఆయనకి చూపించండి.” ఆయన లెక్క పంపమన్నారు. తర్వాత చెక్కలు మాత్రం అరకిలో తెప్పించుకున్నారు.